బంగినపల్లి మామిడి మీద మార్కెటింగ్ ఎస్సే రాయడం ఎలా?

కర్నూలులో డిగ్రీ పూర్తి చేసి బ్రిటన్‌లో మార్కెటింగ్ ఎంఎస్సీలో చేరారు. మొదటి ఎస్సే ప్రశ్న ఇలా వచ్చిందనుకుందాం: "ఉత్పత్తి పుట్టిన ప్రాంతం దాని బ్రాండ్ విలువను ఎంతవరకు నిర్ణయిస్తుంది? ఒక ఉదాహరణతో విమర్శనాత్మకంగా చర్చించండి." ఉదాహరణగా మీరు బంగినపల్లి మామిడిని ఎంచుకున్నారు. మంచి ఎంపికే. కానీ రాయడం మొదలుపెట్టగానే చేయి అలవాటైన దారి పడుతుంది: బ్రాండ్ నిర్వచనం, లక్షణాలు, లాభాలు, నష్టాలు, ముగింపు. మన పరీక్షల్లో ఈ క్రమానికి మార్కులు పడతాయి. అక్కడ మాత్రం "వర్ణన ఎక్కువ, విశ్లేషణ తక్కువ" అనే వ్యాఖ్య రాసి, పాస్ మార్కు 50కి అటూ ఇటూ వేస్తారు. డిస్టింక్షన్ 70 దగ్గర మొదలవుతుంది.

ముందు జవాబు రాయండి

ప్రశ్నలో బరువంతా "ఎంతవరకు" అన్న మాట మీదే ఉంది. దానికి ఒకే వాక్యంలో జవాబు రాసుకోండి. "బ్రాండ్ విలువలో ప్రాంతానికి ముఖ్యమైన పాత్ర ఉంది" అని రాస్తే ఎవరూ కాదనరు, అందుకే అది వాదన కాదు. "కొనేవారికి ఆ ఊరి పేరు పరిచయమున్న చోటే ప్రాంతం విలువ తెస్తుంది" అంటే కాదనడానికి వీలుంది. ఈ వాక్యాన్ని మొదటి పేరాలోనే పెట్టండి. చివరిదాకా దాచి ఉంచడానికి ఇది డిటెక్టివ్ కథ కాదు. మీరు ఎటు వెళ్తున్నారో దిద్దేవారికి మొదటే తెలియాలి.

పేరాకు ఒక వాదన

అలవాటుగా రాస్తే పేరా ఇలా వస్తుంది: "బంగినపల్లి పూర్వపు కర్నూలు జిల్లాలో, నేటి నంద్యాల జిల్లాలో ఉంది. ఇక్కడి మామిడి ప్రపంచ ప్రసిద్ధి చెందింది. దీనికి 2017లో భౌగోళిక గుర్తింపు లభించింది." సమాచారం ఉంది, వాదన లేదు. "అయితే ఏమిటి?" అని అడిగితే ఆ పేరా దగ్గర జవాబు ఉండదు.

ఇదే విషయాన్ని వాదనగా మలచాలంటే ఒక చిక్కు కావాలి. ఆ చిక్కు ఢిల్లీలో దొరుకుతుంది. ఆంధ్ర, తెలంగాణల్లో ఊరి పేరుతో అమ్మే ఈ పండును అక్కడ సఫేదా అంటారు. పేరులో ఊరు లేదు, అయినా పండు అమ్ముడవుతోంది. బ్రాండ్ విలువ కొనేవారి మనసులో ఉన్న పరిచయం నుంచి, ఆ పేరుతో ముడిపడిన భావాల నుంచి పుడుతుందని మార్కెటింగ్ ఆచార్యుడు కెవిన్ లేన్ కెల్లర్ 1993లో ప్రతిపాదించారు. దీన్ని ఉదాహరణకు జోడిస్తే పేరా ఇలా మారుతుంది: "ప్రాంతం పేరుకు విలువ అన్ని చోట్లా ఒకేలా లేదు. కెల్లర్ చెప్పినట్టు విలువ కొనేవారి పరిచయంలో ఉంటే, ఆ ఊరు తెలియని మార్కెట్‌లో ఊరి పేరు పెద్దగా పనిచేయదు. ఇదే పండు ఢిల్లీలో సఫేదా పేరుతో అమ్ముడవడం ఈ వాదనకు అనుకూలంగా ఉంది." ఇక్కడ సిద్ధాంతం అలంకారంగా మిగలలేదు, పని చేసింది.

కెల్లర్ మాటలను పుస్తకం నుంచి తీసుకుని అక్కడక్కడ పదాలు మార్చి రాయకండి. మూలాన్ని పేర్కొన్నా అది కాపీ కిందికే రావచ్చు. చదివి, పుస్తకం మూసి, మీ వాక్యాల్లో రాసి, తర్వాత మూలంతో సరిపోల్చి, పేరు, సంవత్సరం ఇవ్వండి.

ప్రకటన భాష వదలండి

మార్కెటింగ్ విద్యార్థులకే వచ్చే జబ్బు ఇది: ఎస్సే ప్రకటనలా మోగుతుంది. "ప్రపంచ ప్రసిద్ధి", "అద్భుతమైన రుచి", "అందరూ ఇష్టపడే" లాంటివి కొట్టేయండి. ఆధారం ఎంత ఉందో మాట అంతే గట్టిగా ఉండాలి. పైన "అనుకూలంగా ఉంది" అన్నాం గానీ "రుజువు చేస్తోంది" అనలేదు. ఒక్క ఉదాహరణతో అంతకు మించి అనలేం. అలాగని ప్రతి వాక్యానికీ "బహుశా" తగిలిస్తే మీకే నమ్మకం లేనట్టు కనిపిస్తుంది.

ఎదుటివాదనకు చోటివ్వండి

భౌగోళిక గుర్తింపు పేరును చట్టపరంగా కాపాడుతుంది కాబట్టి ప్రాంతమే విలువ తెచ్చిందని ఎవరైనా అనవచ్చు. దీన్ని ఒక్క ముక్కలో తోసిపుచ్చకండి. చట్టం నకిలీని ఆపడానికి ఉపయోగపడుతుందని ఒప్పుకోండి. తర్వాత, ఉన్న పేరును కాపాడటం వేరు, తెలియనివారిలో ఆ పేరు మీద కోరిక పుట్టించడం వేరు అని విడదీయండి. అలా ఒప్పుకున్నందువల్ల మీ మొదటి వాక్యం కాస్త మారితే మార్చేయండి.

చివరగా, ప్రతి పేరాలోని మొదటి వాక్యాన్ని మాత్రమే వేరే కాగితం మీదికి ఎత్తి వరుసగా చదవండి. అవి ఒకదాన్నుంచి ఒకటి పుట్టుకొచ్చినట్టుంటే ఎస్సే నిలబడింది. ఏ రెండింటిని తారుమారు చేసినా తేడా తెలియకపోతే, మీరింకా జాబితానే రాస్తున్నారు. ఆ రెండు పేరాల మధ్య సంబంధం ఏమిటో తేల్చుకుని తిరగరాయండి.