ముగ్గురు అధికారులు, మూడు పనులు: ఏది ముందు?

సమస్య: ఎవరు ఫోన్ చేస్తే వాళ్ల పనిలో పడతాం. సాయంత్రానికి అన్నీ సగంలో ఉంటాయి, ముగ్గురితోనూ మాట పడతాం.

కోనసీమలో గ్రామ వ్యవసాయ సహాయకురాలిగా నాకిది కోతల సమయంలో బాగా ఎదురయ్యేది. ఒక నవంబరు ఉదయం మూడు ఫోన్లు వచ్చాయి. వ్యవసాయాధికారికి ఈ-పంట నమోదులో మిగిలిన 22 మంది రైతుల వేలిముద్రలు కావాలి. ఎంపీడీఓ గారికి 38 ఇళ్ల సర్వే కావాలి. తహసీల్దారు గారికి ధాన్యం లారీ ఈరోజే మిల్లుకు కదలాలి. అన్నీ "అర్జెంటే".

కారణం: పని ఎక్కువవడం ఒక్కటే కాదు. ఒకరు చెప్పిన పని ఇంకొకరికి తెలియదు. ఏది ఆపాలో మనలో మనమే తేల్చుకుంటాం, అది ఎవరికీ చెప్పం. ఆగిన పని వాళ్లకు నిర్లక్ష్యంలా కనిపిస్తుంది.

పరిష్కారం: ముందు ప్రతి ఒక్కరినీ రెండు మాటలు అడగాలి. ఈ గడువు దాటితే ఏం ఆగిపోతుంది? ఆ టైము పైనుంచి వచ్చిందా, మీరు పెట్టుకున్నదా?

ఆరోజు అడిగితే విషయం తేలింది. సర్వే మర్నాడు పదింటి సమీక్షలో శాతం చూపించడానికట. వేలిముద్రలకు రాత్రి వరకూ టైముంది, పైగా పగలు రైతులు చేలల్లో ఉంటారు. ధాన్యం మాత్రం రోడ్డు పక్కన రాశిగా ఉంది. తేమ 16 శాతం వచ్చింది, కొనుగోలు హద్దు 17. "అమ్మా, రేపు వానంట" అన్నాడు రైతు, బరకం అంచు మీద రాయి పెడుతూ. తడిస్తే తేమ హద్దు దాటుతుంది, మొలకొస్తే ఇక సరిచేయలేం. అందుకే లారీయే ముందనుకున్నాను.

తర్వాత ముగ్గురికీ ఒకే మెసేజ్ పెట్టాను:

"సార్, ఒంటిగంట దాకా ధాన్యం లోడింగ్. రెండు నుంచి ఐదు వరకు సర్వే, 20 ఇళ్లు అవుతాయి, మిగతా 18 రేపు మధ్యాహ్నానికి. ఆరు నుంచి వేలిముద్రలు. ఈ వరుస మార్చాలంటే పదిన్నరలోపు చెప్పండి, ఏది వెనక్కి జరపాలో కూడా మీరే చెప్పండి."

"ఏది ముందు సార్?" అని ఖాళీ చేతులతో అడిగితే ఎవరి పని వాళ్లే ముందంటారు. వరుస మనమే పెట్టి, టైము, సంఖ్య రాస్తే మాట బేరంలోకి వస్తుంది. ఎంపీడీఓ గారు 25 ఇళ్లు అడిగారు. లోడింగ్ దగ్గరికి వచ్చిన రైతుల్లో ఏడుగురి వేలిముద్రలు అక్కడే తీసుకుంటే సాయంత్రం గంట మిగులుతుందని లెక్క చూసుకుని ఒప్పుకున్నాను.

ఇదీ పనిచేయకపోతే: ఇద్దరూ తగ్గకపోతే మధ్యలో మనం తీర్పు చెప్పకూడదు. "మీరిద్దరూ ఒకసారి మాట్లాడుకోండి సార్, మీరు చెప్పిందే చేస్తాను" అని ఇద్దరికీ ఒకేసారి రాయాలి. జవాబు రాకపోతే పెట్టిన వరుసలోనే పని సాగించి, ఒక్కో పని ముగియగానే ఆ సంగతి అదే మెసేజ్ కింద రాయాలి.