ఈఓఐ వేస్తున్నారా? వర్క్ ఆర్డర్‌ను నమ్ముకోవద్దు

పోయిన నెల ఒంగోలులో నాకు తెలిసిన ఒక చిన్న ఇంజినీరింగ్ కన్సల్టెన్సీ ఈఓఐ, అంటే పని మీద ఆసక్తి తెలిపే దరఖాస్తు, వేసి షార్ట్‌లిస్ట్‌కు కూడా ఎక్కలేదు. పిలిచింది మంచినీటి పథకం డీపీఆర్‌కు, అంటే వివరమైన ప్రాజెక్టు రిపోర్టు తయారీకి. అది వాళ్లకు కొట్టిన పిండి.

నోటీసులో ఉన్న పద్ధతి ఇది. గత 5 ఏళ్లలో పూర్తిచేసిన ఇలాంటి పని ఒక్కోదానికి 10 మార్కులు, మొత్తం 40 దాకా. సిబ్బంది, టర్నోవర్ వగైరాలకు మిగతా 60. వందకు 60 వస్తేనే అర్హత. వీళ్లు నాలుగు పనులు చూపించారు. రెండింటికి కంప్లీషన్ సర్టిఫికెట్లు పెట్టారు, మిగతా రెండింటికి వర్క్ ఆర్డర్లు పెట్టి ఊరుకున్నారు. కమిటీ ఆ రెండింటికీ సున్నా వేసింది. 72 రావాల్సినవాళ్లు 52 దగ్గర ఆగిపోయారు. పనులు నిజంగానే చేశారు, ఆఖరి బిల్లూ అందుకున్నారు. వర్క్ ఆర్డర్ మాత్రం పని మీకు ఇచ్చారని చెబుతుంది, మీరు చేశారని చెప్పదు.

సర్టిఫికెట్‌లో పని పేరు, ఫీజు ఎంత, మొదలైన తేదీ, పూర్తయిన తేదీ, అందులో మీ పాత్ర ఉండాలి. పూర్తయిన తేదీ లేకపోతే 5 ఏళ్ల లెక్కలోకి వస్తుందో రాదో కమిటీ తేల్చలేదు, తేల్చే శ్రమా పడదు. ఇంకో కంపెనీ కింద సబ్ కన్సల్టెంటుగా చేశారా? ఆ కంపెనీ ఇచ్చిన లెటర్ చాలదనే నోటీసులు చాలా ఉంటాయి, అసలు పని ఇచ్చిన ఆఫీసు సంతకం అడుగుతాయి. అందుకే రిపోర్టు ఆమోదం పొందిన వారంలోనే సర్టిఫికెట్ అడగండి. ఒంగోలు వాళ్లు అడిగే సరికి ఇంజినీరుగారు బదిలీ అయిపోయారు, కొత్తాయనకు ఫైలే తెలియదు.

టర్నోవర్‌కు సీఏ సర్టిఫికెట్ మీద యూడీఐఎన్, అంటే ఆ పత్రానికి మాత్రమే ఉండే గుర్తింపు నంబరు, ఉండాలి. 2019 ఫిబ్రవరి నుంచి అది తప్పనిసరి.

మీ సోదర సంస్థ అనుభవం మీది కాదు. కలిసి వెయ్యాలంటే జాయింట్ వెంచర్ ఒప్పందం పెట్టండి.

ప్రపంచ బ్యాంకు డబ్బుతో నడిచే ప్రాజెక్టు అయితే షార్ట్‌లిస్ట్ దశలో నిపుణుల బయోడేటాలకు మార్కులుండవు. సంస్థ అనుభవమే చూస్తారు. నలభై పేజీల బయోడేటాలు కుట్టి పంపకండి.

ఈ పనికి మీ ఫీజు ఎంతో ఇప్పుడే రాయకండి, అడగలేదు.

డిజిటల్ సంతకం గడువు ఈరోజే చూసుకోండి.

ప్రీ బిడ్ ప్రశ్నలకు వచ్చిన జవాబులు, సవరణలు గడువుకు ముందురోజు మళ్లీ చూడండి. గడువు తేదీ మారి ఉండొచ్చు, ఒక్కోసారి అర్హతలే మారతాయి.

మధ్యాహ్నం 3 అంటే 3. రెండున్నరకు అప్‌లోడ్ మొదలుపెట్టి సర్వర్ మీద పడి ఏడవద్దు.

గడువు దాటాక ఉన్న కాగితం మీద వివరణ అడగవచ్చు గానీ కొత్త కాగితం సాధారణంగా తీసుకోరు. కంప్లీషన్ సర్టిఫికెట్ అందులోకే వస్తుంది. అది లేని పనిని లిస్టులోంచి తీసేసి, మిగిలినవాటితో 60 వస్తాయో లేదో లెక్క వేసుకోండి. రాకపోతే ఈసారి వేయకండి.