సూట్‌కేసు జిప్పు: చిక్కు తీసినా మళ్లీ విచ్చుకుంటుంటే

నా సూట్‌కేసు జిప్పు మూల మలుపులో బిగుసుకుపోయింది. రన్నర్ అటూ కదలదు, ఇటూ రాదు. సబ్బు, కొవ్వొత్తి, పెన్సిల్ ముక్కు, చివరికి బలం, ఏవీ పని చేయలేదు.

టార్చి వేసి లోపలి వైపు నుంచి చూస్తే లైనింగు బట్ట మడత రన్నర్ నోట్లో ఇరుక్కుని ఉంది. ముందుకు లాగిన ప్రతిసారీ దాన్ని నేనే ఇంకా లోపలికి తోస్తున్నానన్నమాట. సన్నముక్కు పట్టకారుతో బట్టను జిప్పుకు అడ్డంగా, పక్కకు లాగి పట్టుకుని, రన్నర్‌ను వచ్చిన దారినే వెనక్కి కొద్దికొద్దిగా జరిపాను. అయిదారు సార్లకు వదిలింది.

అయితే ఇప్పుడు రన్నర్ హాయిగా నడుస్తోంది కానీ, దాని వెనుక జిప్పు విచ్చుకుంటోంది! పళ్లు ఎక్కడా తెగలేదు. నా మొరటు లాగుడుకు రన్నర్ పై రేకు, కింది రేకు ఎడమైపోయాయి. జిప్పును పూర్తిగా తెరిచి, రన్నర్‌ను మొదటి కొసకు చేర్చాను. కలిసిన పళ్లు బయటికొచ్చే వైపు, ముందు ఎడమ అంచును, తర్వాత కుడి అంచును పట్టకారుతో మెల్లగా నొక్కాను. ఒకసారి నొక్కడం, మూసి చూడడం. మూడోసారికి కుదిరింది. ఎక్కువ నొక్కితే మళ్లీ బిగుస్తుంది, పోత లోహమైతే పగిలిపోవచ్చు కూడా.

ఇది చుట్టల పళ్ల నైలాన్ జిప్పు సంగతి. చుట్టే నలిగిపోతే ఈ ఉపాయం పనికిరాదు. నాది ఎన్నాళ్లు నిలుస్తుందో చూడాలి, రన్నర్ అరిగినదే కదా.