అవ్వ పాత ఉత్తరం ఫొటో పంపి "ఇది చదువు" అంటే ఎలా చదవాలి?

కనిగిరి పక్క పల్లెలో ఉన్న అవ్వ దగ్గర్నుంచి వాట్సాప్‌లో ఒక ఫొటో వచ్చిందనుకుందాం. మడతల దగ్గర చిరిగిన నీలం ఇన్లాండు లెటరు. దాని వెంటే వాయిస్‌లో రెండే మాటలు: "ఇది చదువు." వెంటనే జూమ్ చేసి తోచింది చెప్పేయకండి. పని ఫొటోతో మొదలవుతుంది.

ఒక్క ఫొటో చాలదు. ఇన్లాండు లెటరులో లోపలి పేజీ నిండాక మిగిలింది అతికించే రెక్క మీద, అంచుల్లో నిలువుగా రాసేవాళ్లు. కాబట్టి లోపలి వైపు, చిరునామా వైపు, రెక్క వేరువేరుగా తీయించండి. పక్కింటి పిల్లలెవరైనా పొద్దున పూట వసారాలో కాగితం పరిచి, ఫ్లాష్ లేకుండా, సరిగ్గా పైనుంచి తీస్తే చాలు. మామూలు ఫొటోగా పంపితే వాట్సాప్ దాన్ని కుదించేస్తుంది, సన్నటి ఒత్తులు అలుక్కుపోతాయి. 'డాక్యుమెంట్'గా పంపమనండి. వచ్చాక ఫోన్లోనే బ్లాక్ అండ్ వైట్ చేసి కాంట్రాస్ట్ పెంచితే వెలిసిన సిరా తేలుతుంది. మడతలకు టేపు మాత్రం వేయనివ్వద్దు. తర్వాత దాని జిగురు అక్షరాల మీద మరకగా మిగులుతుంది.

ముందు చిరునామా చదవండి. అందులో "కనిగిరి తాలూకా, నెల్లూరు జిల్లా" అని ఉంటే తికమక పడొద్దు. 1970 ఫిబ్రవరిలో ఒంగోలు జిల్లా ఏర్పడేదాకా కనిగిరి, కందుకూరు, పొదిలి, దర్శి నెల్లూరు జిల్లాలోవే. ఆ కొత్త జిల్లాకే 1972లో ప్రకాశం పేరు పెట్టారు. పిన్‌కోడు కూడా 1972 ఆగస్టులోనే వచ్చింది. అంటే ఉత్తరం 1970కి ముందుదై ఉండాలి, పాత అలవాటు కొద్దీ రాసినా ఆ దరిదాపుల్లోదే.

ఇక తేదీ. పైన మూలలో "పరాభవ కాతీ౯క శు॥ ౫" అని ఉందనుకోండి. ఎక్కువమంది తడబడేది ఇక్కడే. 'తీ' పక్కనున్న ౯ అంకె కాదు, వలపల గిలక. దాన్ని ఆ అక్షరానికి ముందు పొల్లు 'ర్'గా పలకాలి: కార్తీక. అలాగే "సూయ౯ం" అంటే సూర్యం, "ధమ౯ం" అంటే ధర్మం. చివరి ౫ మాత్రం నిజంగా అంకే, అయిదు. శు॥ అంటే శుద్ధ, బ॥ అంటే బహుళ. పరాభవ సంవత్సరం అరవై ఏళ్లకోసారి వస్తుంది: 1906, 1966, 2026. చిరునామాను బట్టి 2026 కాదు, ఇన్లాండు లెటర్లు 1906లో లేవు. మిగిలింది 1966. ఆ ఏడు దీపావళి నవంబరు 12న వచ్చింది కాబట్టి ఇది 1966 నవంబరు మూడో వారంలో రాసిన ఉత్తరం.

లోపలి రాతను నేరుగా చదువుతూ పోకుండా, పంక్తికి పంక్తి నోటుబుక్కులో ఎత్తి రాయండి. పాత రాతలో మాటల మధ్య ఎడం ఉండదు, చుక్కలు పెట్టరు. పు–వు, థ–ధ ఒకేలా కనిపిస్తాయి. తెలియని చోట గీత పెట్టి ముందుకు పోండి. ఆ చేతిరాతలోనే అదే అక్షరం వేరేచోట స్పష్టంగా దొరుకుతుంది, అప్పుడు వెనక్కొచ్చి పూరించండి. ఊహించి నింపితే ఊరి పేర్లు, మనుషుల పేర్లు తప్పిపోతాయి. అవ్వకు కావలసింది అవే.

ఈ ఉత్తరం అవ్వ వాళ్ల నాయన అల్లుడికి రాసింది. "ఆశీర్వదించి వ్రాయునది ఏమనగా, ఇచట మేమంతా క్షేమం" అని మొదలై, వరి కోతలు, ఎద్దు బేరం మీదుగా పోతుంది. 'క్షేమం' అన్నారని అంతా బాగుందనుకోవద్దు, అది ప్రతి ఉత్తరంలోనూ ఉండే వరస. అసలు సంగతి చాలాసార్లు చివర్న ఇరికించి ఉంటుంది. ఇక్కడ రెక్క మీద ఉంది: "అమ్మికి వాళ్లమ్మ జబ్బు సంగతి చదివి వినిపించవద్దు. దిగులు పడును."

చదువు రాని అవ్వకు ఆనాడు తాత ఈ ఉత్తరం వినిపించి ఉంటాడు, ఆ రెండు పంక్తులు వదిలేసి. అందుకే ముందు ఒంటరిగా మొత్తం చదువుకోవాలి, ఆ తర్వాతే ఫోన్ చేయాలి. చేసినప్పుడు సారాంశం చెప్పకండి. ఆ మాటల్నే, ఆ వరసలోనే, నిదానంగా చదవండి. రెక్క దగ్గరకొచ్చాక ఆగి, "అవ్వా, ఇక్కడ నీకు చెప్పొద్దని రాశారు, చదవమంటావా?" అని అడగండి. చదవమంటే రెండు పంక్తులూ చదవండి. ఆమె మాట్లాడేదాకా ఫోన్ పెట్టేయకండి.