గిరి ప్రదక్షిణకు ముందు: దొంగతనం ఎక్కడ ఆగుతుంది, దోపిడీ ఎక్కడ మొదలవుతుంది

ఆషాఢ పౌర్ణమి ముందురోజు సింహాచలం కొండ చుట్టూ 32 కిలోమీటర్ల నడక. కొండ కింది తొలిమెట్టు అయిన తొలిపావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి బయలుదేరిన జనం అడవివరం, హనుమంతవాక, జోడుగుళ్లపాలెం, ఎంవీపీ కాలనీ, మాధవధార, గోపాలపట్నం మీదుగా తిరిగి కొండ దిగువకు చేరేసరికి చాలామందికి తెల్లవారిపోతుంది. రాత్రంతా తోపులాట, నిద్రమత్తు, మెడలో బంగారం, ఇంటికి తాళం. నగలు వేసుకురావద్దని పోలీసులు మైకుల్లో చెబుతూనే ఉంటారు. ఏదైనా పోయాక స్టేషన్‌లో ఏం చెప్పాలో మాత్రం ముందుగా చెప్పేవారు తక్కువ. అక్కడ మీ నోటినుంచి వచ్చే రెండు మూడు వాక్యాలను బట్టి కేసు మూడేళ్ల శిక్ష ఉన్న సెక్షన్‌లో పడుతుందా, యావజ్జీవం దాకా వెళ్లగల సెక్షన్‌లో పడుతుందా అన్నది మొదలవుతుంది.

జోడుగుళ్లపాలెం దగ్గర ఒకావిడ సముద్రస్నానానికి దిగారనుకుందాం. సంచీ ఇసుకలో పెట్టి వదినగారిని చూస్తూ ఉండమన్నారు. ఆమె అటు తిరిగిన క్షణంలో ఒకడు సంచీ తీసుకుని నడిచాడు. ఇది దొంగతనం, ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 303వ సెక్షన్. కదిలించగలిగే వస్తువును దాన్ని స్వాధీనంలో ఉంచుకున్నవారి అనుమతి లేకుండా, కాజేయాలన్న ఉద్దేశంతో కదిపితే చాలు. నాలుగడుగులు వేయగానే పట్టుకున్నారు కాబట్టి అది ప్రయత్నమే అనుకోకండి, నేరం అప్పటికే పూర్తయింది. సాధారణంగా శిక్ష మూడేళ్ల వరకు. వస్తువు విలువ 5,000 రూపాయల లోపు ఉండి, అతనికి అదే మొదటి శిక్ష అయి, వస్తువు తిరిగి ఇచ్చేస్తే సమాజ సేవతో సరిపెడతారు. అందుకే సంచీలో ఏముందో, ఎంత విలువో ఫిర్యాదులోనే రాయండి.

అదే ఆవిడ గట్టుమీద నడుస్తుండగా బైకు మీద వచ్చినవాడు మెడలోని గొలుసు చటుక్కున లాగాడు. 2024 జులై 1న ఈ కొత్త సంహిత అమల్లోకి వచ్చాక దీనికి 304వ సెక్షన్ విడిగా పెట్టారు. దొంగతనానికి ఇక్కడ కలిసింది ఆకస్మికంగానో బలంగానో లాక్కోవడం. శిక్ష మాత్రం ఇక్కడా మూడేళ్ల వరకే. సెక్షన్ పెట్టినవారు ఇంకాస్త పెంచి ఉండాల్సిందని నా అభిప్రాయం.

ఇప్పుడు ఒక్క వివరం మారుద్దాం. గొలుసు సగం తెగింది, ఆవిడ రెండో కొస వదల్లేదు. వాడు ఆమెను తోసేశాడు. కిందపడి మోచెయ్యి చీరుకుపోయింది. గొలుసు వాడి చేతిలోకి వెళ్లింది. ఇక్కడికి వచ్చేసరికి అది దోపిడీ, 309వ సెక్షన్. వస్తువు తీసుకోవడానికో, తీసుకున్నది పట్టుకుపోవడానికో ప్రాణం తీయడం, దెబ్బ కొట్టడం, దారి కట్టేయడం, లేదా ఈ క్షణమే అవి జరుగుతాయన్న భయం పుట్టించడం జరిగితే దొంగతనం దోపిడీగా మారుతుంది. అలా చేయబోయినా చాలు. శిక్ష పదేళ్ల వరకు కఠిన కారాగారం, ఇక్కడిలా దెబ్బ కూడా తగిలితే యావజ్జీవం దాకా వెళ్లవచ్చు. సూర్యాస్తమయానికీ సూర్యోదయానికీ మధ్య రహదారి మీద జరిగితే 14 ఏళ్ల వరకు. ప్రదక్షిణ నడిచేది రాత్రిపూట. హనుమంతవాక లాంటి చోట జాతీయ రహదారి మీదికే వస్తాం. కాబట్టి సమయం, స్థలం తప్పకుండా చెప్పండి.

చాలా కేసులు బలహీనపడేది ఆ దెబ్బ ఎందుకు తగిలింది అన్న ప్రశ్న దగ్గర. గొలుసు కోసం తోశాడా, లేక జనం వెంటపడితే గొలుసు అక్కడే పారేసి తప్పించుకోవడానికి తోశాడా? రెండోదైతే దొంగతనం ఒకటి, దెబ్బ కొట్టడం మరొకటి అవుతాయి, దోపిడీ కాదు. ‘గొలుసు పోయింది, నాకు దెబ్బ తగిలింది’ అని రాస్తే ఈ తేడా తేలదు. ‘గొలుసు వదలనందుకు తోశాడు, నేను పడ్డాక తీసుకుని వెళ్లాడు’ అని జరిగిన వరుసలోనే రాయాలి. జరగనిది కలపకండి, క్రాస్ ఎగ్జామినేషన్‌లో మొదట ఊడేది అదే. దెబ్బ చిన్నదైనా ఆ రాత్రే ప్రభుత్వాసుపత్రిలో చూపించి నమోదు చేయించండి.

బెదిరింపు వసూలు దారి వేరు. ఖాళీ స్థలంలో బండి పెడుతుంటే ఇద్దరు కుర్రాళ్లు వచ్చి ‘ఐదు వందలు ఇవ్వండి, లేకపోతే మీరు తిరిగొచ్చేసరికి బండికి అద్దాలుండవు’ అన్నారు. భయపడి మీరే చేతికిచ్చారు. దొంగతనంలో మీ ఇష్టం లేకుండా వాళ్లు తీసుకుంటారు, ఇక్కడ భయంతో మీ చేతులతో మీరే ఇస్తారు. ఆ భయం ఒంటికే కాదు, ఆస్తికో పరువుకో హాని కలుగుతుందన్నదైనా చాలు. ఇది 308వ సెక్షన్, శిక్ష ఏడేళ్ల వరకు. అదే కుర్రాడు ఎదురుగా నిలబడి కత్తి చూపి ఐదు వందలు అక్కడికక్కడే తీయించుకుంటే దోపిడీ అవుతుంది. ‘ఇప్పుడే అద్దాలు పగలగొడతా’ అన్నా వసూలు దగ్గరే ఆగుతుంది, ఎందుకంటే దోపిడీకి కావలసినది మనిషికి తక్షణం చావో దెబ్బో నిర్బంధమో తప్పదన్న భయం. ఫోనులో ‘రేపు చూసుకుంటాం’ అని అడిగినా అంతే. అందుకే బెదిరించిన మాటలను వాళ్లు అన్నది అన్నట్టే రాయాలి. డబ్బు ఫోను ద్వారా పంపించి ఉంటే ఆ లావాదేవీ వివరం భద్రపరచండి.

ఇక బందిపోటు, 310వ సెక్షన్. దోపిడీకి కలిసేది తలల లెక్క: ఐదుగురు లేదా అంతకు మించి. నడిచేవాళ్లు తగ్గిన వేళ దగ్గరిదారని సందులోకి తిరిగిన కుటుంబాన్ని ఇద్దరు కత్తులతో ఆపారు, ఇద్దరు బైకులు అడ్డం పెట్టారు, ఒకడు మలుపులో కాపలా ఉన్నాడు. కత్తి పట్టింది ఇద్దరే అయినా, అక్కడుండి సాయపడ్డవాళ్లూ లెక్కలోకి వస్తారు. ఏమీ దక్కకుండా పారిపోయినా బందిపోటే, ప్రయత్నం కూడా అందులోనే ఉంది. శిక్ష యావజ్జీవం, లేదా పదేళ్ల వరకు కఠిన కారాగారం. మారణాయుధం వాడినవాడికి ఏడేళ్లకు తగ్గదు.

ఇక్కడ ఫిర్యాదులో జరిగే పొరపాటు ఒకటుంది. ఐదుగురిలో ముగ్గురినే గుర్తుపట్టగలిగినవారు ముగ్గురనే రాయిస్తారు. ‘మొత్తం ఐదుగురు, ముగ్గురిని మళ్లీ చూస్తే గుర్తుపడతాను, ఇద్దరి ముఖాలు కనబడలేదు’ అని రాయించాలి. మొదట్లోనే లెక్క తగ్గితే తర్వాత పెంచిన మాటను కోర్టు అనుమానంగా చూస్తుంది. కత్తి ఎదుటికి వచ్చినప్పుడు మాత్రం గొలుసు వదిలేయండి, ఎందరున్నారు, ఎవరెక్కడ నిలబడ్డారు అన్నదే చూడండి.

బయలుదేరే ముందు చేయాల్సింది కొంచెమే. బంగారం తీసి బ్యాంకు లాకర్లోనో, ఆ రాత్రి ఇంట్లో ఉండే బంధువుల దగ్గరో ఉంచండి. తాళం వేసిన ఇంట్లో వదిలితే దొంగలకు పని సులువు. నివాసంలో దొంగతనానికి 305వ సెక్షన్ కింద ఏడేళ్ల వరకు శిక్ష ఉన్నా, అది మీ గొలుసును వెనక్కి తేదు. ఫోనులో *#06# నొక్కితే వచ్చే ఐఎంఈఐ నంబరు కాగితం మీద రాసి ఇంట్లో పెట్టండి. గొలుసు బిల్లు ఫొటో ఇంట్లో మరొకరి ఫోనులో ఉండాలి.

ఏదైనా జరిగితే 112కి ఫోన్ చేయండి. దారి పొడవునా పోలీస్ స్టేషన్ల పరిధులు మారుతూనే ఉంటాయి. ‘ఇది మా పరిధి కాదు’ అని ఎవరైనా అంటే, సంఘటన ఎక్కడ జరిగినా సమాచారం నమోదు చేయాలని, కేసుల నమోదు, దర్యాప్తు తీరు చెప్పే భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షన్ చెబుతోందని మర్యాదగా గుర్తుచేయండి. రాసింది చదివించుకుని, పైన చెప్పిన వరుస, మాటలు, లెక్క అందులో ఉన్నాయో లేదో చూసి అప్పుడు సంతకం పెట్టండి. ఎఫ్‌ఐఆర్ ప్రతి ఉచితంగా ఇస్తారు, తీసుకునే కదలండి.