టాబ్లో మొత్తం గీయకుండా రివైజ్డ్ సింప్లెక్స్ ఎలా చేయాలి?

ఎవరైనా రివైజ్డ్ సింప్లెక్స్ లెక్క చేసి తెచ్చి చూపిస్తే నేను జవాబు చూడను. నేరుగా రెండో ఇటరేషన్‌లో రేషియో టెస్ట్ దగ్గరికి వెళ్తాను. తప్పు చేసినవాళ్లు దాదాపు అందరూ అక్కడే చేస్తారు, అదీ ఒకే రకంగా చేస్తారు. మొదటి ఇటరేషన్ మాత్రం అందరికీ సరిగ్గానే వస్తుంది. అలా ఎందుకు వస్తుందో కింద చెబుతాను, తప్పుకు మూలం కూడా అదే.

కావలసినవి కాగితం, పెన్సిల్, రబ్బరు. కాలిక్యులేటర్ పక్కన పెట్టండి. భిన్నాలను భిన్నాలుగానే ఉంచాలి. 7/3ని 2.33 అని రాసేవాళ్ల పేపర్ నేను దిద్దను. టేబుళ్లు, కుర్చీలు, వడ్రంగి గంటల కథ కూడా ఇక్కడ అల్లడం లేదు. లెక్క ఇదీ:

```
max z = 6x1 + 5x2 + 4x3
         x1 +  x2 +  x3 <= 10
        2x1 +  x2 + 3x3 <= 16
        3x1 +  x2 + 2x3 <= 25
```

చలరాశులన్నీ సున్నా లేదా అంతకంటే ఎక్కువ. వరుసగా s1, s2, s3 స్లాక్‌లు కలపండి. ఈ పట్టికను కాగితం పైభాగాన రాసి పెట్టుకోండి. చివరిదాకా దాన్ని ముట్టుకోకూడదు, అందులో ఒక్క అంకె కూడా మారదు. మారేవి మూడే: బేసిస్‌లో ఎవరున్నారో చెప్పే వరుస, బేసిస్ కాలమ్‌ల మాత్రికకి ఇన్వర్స్ అయిన B⁻¹, బేసిస్ విలువలు.

మొదట బేసిస్‌లో s1, s2, s3 ఉంటాయి, B⁻¹ యూనిట్ మాత్రిక. zలోని గుణకాలను లాభాలు అందాం. వాటిలో పెద్దది 6 కాబట్టి x1 లోపలికి వస్తుంది. దాని కాలమ్ 1, 2, 3. నిష్పత్తులు 10/1, 16/2, 25/3. చిన్నది 8, అంటే s2 బయటికి. రెండో అడ్డువరుసను 2తో భాగించి, మిగతా రెండింటిలో x1ని తీసేసే ఆపరేషన్లే యూనిట్ మాత్రిక మీద చేస్తే ఇది వస్తుంది:

```
s1 |  1  -1/2   0 |  2
x1 |  0   1/2   0 |  8
s3 |  0  -3/2   1 |  1
```

ఎడమవైపు పేర్లు రాయడం అలంకారం కాదు. రెండో గదిలో ఇప్పుడు s2 లేదు, x1 ఉంది. తర్వాత లాభాలను ఈ క్రమంలోనే తీసుకోవాలి. ఈ పేర్లు రాయకుండా చేసి, క్రమం తారుమారై, గంటసేపు తప్పు వెతుక్కున్న రోజులు నాకూ ఉన్నాయి.

ఇప్పుడు ఎవరు లోపలికి వస్తారో చూడాలి. బేసిస్ లాభాలు (0, 6, 0). వీటిని B⁻¹తో గుణిస్తే y = (0, 3, 0). అంటే ఈ బేసిస్ చెల్లినంతవరకు, రెండో వనరు పెరిగితే లాభం యూనిట్‌కి 3 చొప్పున పెరుగుతుంది. బేసిస్ బయట ఉన్న ప్రతి చలరాశికీ దాని లాభంలోంచి y × దాని అసలు కాలమ్ తీసేయండి. x2కి 5 − 3 = 2. x3కి 4 − 9 = −5. s2కి 0 − 3 = −3. గరిష్ఠం కావాలి కాబట్టి ధనాత్మకంగా ఉన్న x2 వస్తుంది. కొన్ని పుస్తకాలు గుర్తు తిప్పి రాస్తాయి. ఏదో ఒకటి పట్టుకోండి, మధ్యలో మార్చకండి. నేను చెప్పిన వైపే మంచిది.

కొందరు ముందు ప్రతి కాలమ్‌నూ B⁻¹తో గుణించి, ఆ తర్వాత లాభాలతో గుణిస్తారు. జవాబు అదే వస్తుంది కానీ అది దొడ్డిదారిన టాబ్లో మొత్తం గీయడమే. y ఒకసారి కట్టుకుంటే ఆ తర్వాత ఒక్కో కాలమ్‌కి మూడు గుణకారాలు చాలు. వాళ్ల పద్ధతిలో పన్నెండు కావాలి. మూడు కాలమ్‌లుంటే తేడా తెలియదు, మూడు వందలుంటే తెలుస్తుంది.

ఇక అసలు చోటు. x2 లోపలికి వస్తోంది. దాని కాలమ్ కాగితం పైభాగాన రాసుకున్న అసలు పట్టికలో 1, 1, 1. చెయ్యి దానంతట అదే ఆ అంకెల మీదికి వెళ్తుంది: 2/1, 8/1, 1/1, చిన్నది 1, s3 బయటికి. తప్పు. మొదటి ఇటరేషన్‌లో B⁻¹ యూనిట్ మాత్రిక కావడంతో అసలు కాలమ్, మారిన కాలమ్ ఒకటే అయ్యాయి. అందుకే అక్కడ అందరికీ సరిపోయింది. ఆ అలవాటే రెండో ఇటరేషన్‌లో కొంప ముంచుతుంది. ఎవరు లోపలికి వస్తారో తేల్చేటప్పుడు అసలు కాలమ్ వాడాం, ఎందుకంటే B⁻¹ పని y అప్పటికే చేసేసింది. రేషియో టెస్ట్‌లో y లేదు. అందుకే కాలమ్‌నే B⁻¹తో గుణించాలి:

```
d = B⁻¹ a2
s1 :  1 - 1/2     =  1/2
x1 :  0 + 1/2     =  1/2
s3 :  0 - 3/2 + 1 = -1/2
```

x2 ఒక యూనిట్ పెరిగితే s1 అర, x1 అర తగ్గుతాయి. s3 మాత్రం అర పెరుగుతుంది. పెరిగేది ఎప్పటికీ సున్నాకి రాదు, కాబట్టి దానికి నిష్పత్తే లేదు. −2 అని కూడా రాయకండి, రాస్తే 'చిన్నది' అని అదే ఎంచుకుంటారు. ఆ గడిలో గీత పెట్టండి. మిగిలినవి 2 ÷ 1/2 = 4, 8 ÷ 1/2 = 16. s1 బయటికి వెళ్తుంది, x2 విలువ 4. ఒకవేళ dలో ధనాత్మకం ఒక్కటీ లేకపోతే లెక్కకి హద్దు లేదని అర్థం, అక్కడితో ఆపేయవచ్చు.

పట్టుబట్టి s3నే బయటికి పంపితే ఏమవుతుంది? −1/2 మీద పివట్ చేయాల్సి వస్తుంది, x2 విలువ −2 అవుతుంది. బేసిస్ విలువల్లో రుణాత్మకం కనిపించిందంటే రేషియో టెస్ట్ తప్పిందని తెలుసుకోండి. అప్పుడు మొదటికి వెళ్లక్కర్లేదు, ఒక్క అడుగు వెనక్కి వెళ్తే చాలు.

అంతకంటే ముందే పట్టుకునే దారి ఒకటుంది. d రాగానే x2 లాభంలోంచి, బేసిస్ లాభాలు × d తీసేయండి: 5 − (0 + 6 × 1/2 + 0) = 2. ఇందాక y దారిలో వచ్చిందీ 2 కదా. అసలు కాలమే వాడి ఉంటే 5 − 6 = −1 వచ్చేది, అక్కడే దొరికిపోయేవారు. పది సెకన్ల పని. నా దగ్గర నేర్చుకునేవాళ్లు ఇది రాయకపోతే పివట్ చేయనివ్వను.

పివట్ d మీద చేయాలి, మారేది B⁻¹, దాని పక్కన ఉన్న విలువలు. s1 అడ్డువరుసను 1/2తో భాగించండి. కొత్త వరుసలో సగాన్ని x1 వరుసలోంచి తీసేయండి, s3 వరుసకి కలపండి:

```
x2 |  2  -1   0 |  4
x1 | -1   1   0 |  6
s3 |  1  -2   1 |  3
```

మొదటి గదిలో x2, రెండో గదిలో x1. లాభాలు (5, 6, 0), (6, 5, 0) కాదు. y = (4, 1, 0). x3కి 4 − (4 + 3) = −3, s1కి −4, s2కి −1. ధనాత్మకం లేదు, కాబట్టి ఇదే ఆప్టిమమ్. x1 = 6, x2 = 4, z = 56.

పెద్ద లెక్కల్లో ఈ B⁻¹ని మారుస్తూ పోతే, కంప్యూటర్‌లో రౌండింగ్ తప్పులు పేరుకుంటాయి. 1954లోనే డాంట్జిగ్, ఆర్చర్డ్-హేస్ ఇన్వర్స్‌ను మొత్తంగా దాచకుండా, ఒక్కో పివట్‌కి ఒక కాలమ్ చొప్పున దాచే పద్ధతి ఇచ్చారు. ఇప్పటి సాల్వర్లు బేసిస్ మాత్రికను రెండు త్రిభుజ మాత్రికలుగా విడగొట్టే LU పద్ధతి వాడి, కొన్ని ఇటరేషన్లకోసారి అసలు పట్టిక నుంచే మళ్లీ కట్టుకుంటాయి. చేత్తో చేసేటప్పుడు ఆ భయం లేదు కానీ కూడికల తప్పులుంటాయి. అందుకే చివర yని అసలు పట్టికలోని కుడివైపు అంకెలైన bతో గుణించి చూడండి: 4 × 10 + 1 × 16 = 56. ఇది zతో కలవకపోతే మొదట వెతకాల్సింది బేసిస్ పేర్ల క్రమంలో.