ఎత్తు కొలతకు ముందు అరగంట పడక

ఎనుమాముల మార్కెట్లో మిర్చి బస్తాలు మోసే మా తమ్ముడు, పొద్దున లేవగానే 168 సెంటీమీటర్లు ఉన్నవాడు, సాయంత్రం పరుగు ముగిసేసరికి 167కు దిగడం చూసి పోలీసు ఎంపిక కొలతల గురించి బెంగపడ్డాడు. బరువుకు, అదురుకు వెన్నుపూసల మధ్యనున్న మృదులాస్థి బిళ్లల్లోంచి కొంత నీరు బయటికి పోయి అవి పలచబడతాయి, పడుకుంటే ఆ నీటిని మళ్లీ పీల్చుకుంటాయి. అందుకే చాప మీద వెల్లకిలా పడుకొని, మోకాళ్లు మడిచి, పిక్కలను కుర్చీ మీద ఆనించి అరగంట ఉండమన్నాను. లేచిన వెంటనే గోడకు మడమలు ఆనించి కొలిస్తే దాదాపు అర సెంటీమీటరు తిరిగి వచ్చింది, మిగిలినది రాత్రి నిద్రతో వచ్చింది. అయితే లేచాక గంటసేపు వరుసలో నిలబడితే ఈ లాభం చాలావరకు పోతుంది. కాలిలోకి తిమ్మిరి దిగితే మాత్రం అది వేరే సంగతి, వెంటనే డాక్టరుకు చూపించాలి.